డబ్బా అందింది

మా లితియా ఉత్తరం రాస్తే పలకరింపుకే సగం కాగితం అయిపోయేది. "నా బంగారు నానమ్మకు, నన్ను వీపున మోసి పెంచిన నా తల్లికి, సువా పట్నం నుంచి నీ లితియా ప్రేమతో చెప్పే తలోఫా" అని మొదలు. ఆ తర్వాత, దేవుడి దయవల్ల నువ్వూ నేనూ ఇంకా ప్రాణాలతో ఉన్నందుకు స్తోత్రం. ఆ తర్వాత ఇంట్లో వాళ్ళ పేర్లు వరసగా. ఒక్క పేరు జారిపోయినా ఆ మనిషి తర్వాతి ఓడ వచ్చేదాకా ముఖం మాడ్చుకుని తిరుగుతుంది కనుక పక్కింటి కెలెసీ పేరు కూడా అందులో ఉండాల్సిందే. ఇవన్నీ అయ్యాక "ఇక నా ఉత్తరం సంగతి ఏమిటంటే" అని ఒక లైను వచ్చేది. అక్కడికి వచ్చేసరికి నేను సర్దుకుని కూర్చునేదాన్ని. తీరా దాని కింద ఏముండేది? "నేను బాగానే చదువుకుంటున్నాను. ఓడ బయలుదేరుతోంది. నా గజిబిజి రాతను క్షమించు. ఇక సెలవు, తోఫా." అంతే.

దాన్ని తప్పు పట్టి లాభం లేదు. మా దీవిలో అందరం అలాగే రాస్తాం. ఓడ నెలకోసారి వస్తుంది, వస్తే పగడపు గట్టు అవతల పూటసేపు నిలబడుతుంది. పడవలు అటూ ఇటూ తిరిగి బియ్యం దించి కొబ్బరి ఎక్కించే ఆ పూటలోనే వచ్చిన ఉత్తరాలు చదవాలి, ఏడవాలి, జవాబు రాయాలి. ఆ రోజు ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా మోకాళ్ళ మీద కాగితం పెట్టుకుని రాసేవాళ్ళే. కాబట్టి తొందర సంగతి నాకు తెలుసు. అయినా కోపం వచ్చేది. మనిషి కళ్ళెదుట లేనప్పుడు ఆ మనిషి ఏం తింటోంది, ఎక్కడ పడుకుంటోంది, దగ్గు తగ్గిందా లేదా, ఇవి కదా కావలసింది!

ఆ డిసెంబరు ఓడలో మా ఊరి సౌఫాతు వచ్చాడు. సువా ఆస్పత్రిలో కంటి ఆపరేషన్ చేయించుకుని వస్తూ, లితియా ఇచ్చిన మూట మోసుకొచ్చాడు. కవరు మూలన "సౌఫాతు దయగల చేతి మీదుగా" అని రాసి ఉంది. మూటలో ఒక గుడ్డల సంచి, తాడుతో కట్టిన పెద్ద చదరపు బిస్కట్ల డబ్బా.

మూట వచ్చిందంటే జనం వస్తారు. కెలెసీ వచ్చింది, ఆమె చెల్లెళ్ళు వచ్చారు, సౌఫాతు కంటికి గుడ్డ కట్టుకునే కూర్చున్నాడు. నా కూతురు పసెమెతా, అల్లుడు తెలావి, పిల్లలు అందరూ చాప మీద చేరారు. కవరు నేనే చింపాను. లోపల చూసి మళ్ళీ మడిచేశాను.

"ఏంటమ్మా?" అంది పసెమెతా.

"నువ్వే చదువుకో. ఇది నాకు రాసినట్టు లేదు."

నేను ఏ బడికీ వెళ్ళలేదు. ప్రార్థన మందిరంలో పాస్టరుగారు చదువుతూ ఉంటే బైబిలు మీద వేలు జరుపుకుంటూ, మాట వెంట మాట పట్టుకుని, ఇరవై ఏళ్ళు దాటాక చదవడం నేర్చుకున్నాను. అచ్చు అక్షరాలైతే చదవగలను. గొలుసుకట్టు రాత నా కళ్ళకు వలలో చిక్కుకున్న చేపల్లా కనిపిస్తుంది. అది తెలిసిన పిల్ల కాబట్టి లితియా నాకు ఎప్పుడూ విడివిడిగా, అచ్చులో ఉన్నట్టు రాసేది. ఆ రోజు వచ్చింది గొలుసుకట్టు రాత. ఏడాది తిరక్కుండానే నా కళ్ళ సంగతి మర్చిపోయిందనుకున్నాను.

పసెమెతా గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. పలకరింపు, స్తోత్రం, పేర్లు. తన పేరు రాగానే కెలెసీ "బంగారుతల్లి" అని కళ్ళు తుడుచుకుంది. తర్వాత మూటలో ఉన్నవాటి జాబితా వచ్చింది. దారిలో ఎవరూ చెయ్యి పెట్టకుండా ఉత్తరంలో జాబితా రాయడం, అందుకున్నవాళ్ళు ఒక్కొక్కటీ సరిచూసుకుని "అందింది" అని తిరిగి రాయడం మా పద్ధతి. సబ్బులు ఆరు, పూల గుడ్డ నాలుగు గజాలు, దారపు ఉండలు మూడు, తెలావికి చేపల గాలాలు ఒక పొట్లం, బిస్కట్ల డబ్బా ఒకటి.

"'నానమ్మా'," అని చదివి పసెమెతా ఒక్క క్షణం ఆగింది. "'నానమ్మా, బిస్కట్ల డబ్బా నీ ఒక్కదానికే. ఎవరికీ పెట్టకు. నీ చేత్తో నువ్వే మూత తియ్యి, టీలో ముంచుకుని నువ్వే తిను.'"

అందరూ డబ్బా వైపు చూశారు. తర్వాత తెలావి నవ్వాడు.

"అత్తా, డబ్బా మీద కూర్చో తొందరగా! మేం ఎత్తుకుపోతాం."

"పళ్ళు లేని నోటికి డబ్బాడు బిస్కట్లా?" అంది కెలెసీ, పెద్దగానే. "నా పేరు రాసింది, తలోఫా చెప్పింది. బిస్కట్టు మాత్రం నానమ్మకే! బాగుందమ్మా పట్నం చదువు."

"చిన్నపిల్ల, ఏదో రాసింది లెద్దూ," అన్నాడు సౌఫాతు. తన రెండు చేతులతో మోసుకొచ్చిన డబ్బా వైపు చూడకుండా అన్నాడు.

నా చెవులు కాలిపోయాయి. పదిమంది నోట్లో పడేలాంటి మాట, పదిమంది ముందు చదివించింది. దాచుకుని తినేవాళ్ళ ఇల్లు అని ఒకసారి పేరొస్తే మనవల కాలం దాకా పోదు. ఆ పిల్ల మీద ఎంత కోపం వచ్చిందంటే, డబ్బాను కాలితో తెలావి ముందుకు నెట్టాను.

"తీసుకెళ్ళి పాస్టరుగారింట్లో ఇచ్చిరా. తాడు కూడా విప్పకు."

"అమ్మా, సగం..." అంది పసెమెతా.

"మొత్తం."

ఓడ సామానులో మొదటి వాటా పాస్టరుగారికి వెళ్ళడం మామూలే. కానీ డబ్బాకు డబ్బా ఇవ్వడం మామూలు కాదు. కెలెసీ నోరు మూతపడింది. ఆ ఒక్క క్షణం నాకు చాలా బాగుంది. దానికి ఎంత చెల్లించాల్సి వచ్చిందో తర్వాత చెబుతాను.

పడవ ఆఖరి విడత వెళ్ళేలోపు జవాబు రాయాలి. నేను మెల్లగా రాస్తాను కాబట్టి పసెమెతాయే రాసింది. నేను చెప్పాను. పలకరింపు, స్తోత్రం, ఇంట్లో అందరి తలోఫా. సబ్బులు ఆరు, అందాయి. గుడ్డ అందింది. దారం, గాలాలు అందాయి.

"డబ్బా పాస్టరుగారికి ఇచ్చామని రాయనా?"

"ఎందుకు, దాని మనసు కష్టపెట్టడానికా? డబ్బా అందింది అని రాయి. అంతే."

"డబ్బా అందింది," అని రాసింది పసెమెతా. అబద్ధమేం కాదు కదా అనుకున్నాను. కింద నేను నా పేరు విడివిడి అక్షరాల్లో వేశాను. తెలావి గాలిలా పరుగెత్తి పడవలో ఇచ్చొచ్చాడు.

జనవరిలో పడమటి గాలులు మొదలయ్యాయి. ఆ గాలుల్లో పగడపు గట్టు దాటి పడవ వెళ్ళలేదు కనుక ఓడ రాదు. రోజూ రేడియోలో ఓడల వార్తలు వినడం, మన దీవి పేరు రాలేదని కట్టేయడం. అరటిచెట్లు పడిపోయాయి. ఒక అల పులాకా దుంపలు పండే గుంటల దాకా వస్తే, ఉప్పునీళ్ళు ఎక్కడ దిగుతాయోనని మగాళ్ళంతా ఇసుక బస్తాలు పేర్చారు. నేను ఇంట్లో కూర్చుని మొగలి ఆకుతో చాప అల్లాను. లితియాకు. ఏడాది చదువు నవంబరులో అయిపోయింది, పరీక్షల ఫలితాలు వస్తాయి, ఫిబ్రవరి ఓడలో పిల్ల వచ్చి మన బడిలో టీచరు అవుతుందని ఇంట్లో అందరూ అనుకున్నదే. ఎవరూ అడగలేదు, ఎవరూ కాదనలేదు.

కానీ నాకు ఆ ఉత్తరం మీద కోపం తీరలేదు. మూడుసార్లు పసెమెతాతో మళ్ళీ చదివించుకున్నాను.

"ఎప్పుడు వస్తానని ఎక్కడైనా ఉందా చూడు."

"లేదమ్మా."

"వెనకవైపు?"

"వెనక ఏమీ లేదు. ఎన్నిసార్లు తిప్పినా లేనిది ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"ఇంత బారు పలకరింపు రాసింది, ఒక్క ముక్క రాయలేకపోయిందా?"

పసెమెతా పులాకా దుంప గీరుతున్న కత్తి పక్కన పెట్టింది. "నీకు ఆ పిల్ల తప్ప ఇంకెవరూ లేరా అమ్మా? మేం ఇక్కడే ఉన్నాం. రోజూ నీ ఎదురుగా తిరుగుతున్నాం. మాకెప్పుడైనా చాప అల్లావా?"

"మీరెక్కడికి పోతారు?"

"అదే. పోయేవాళ్ళకే నీ ప్రేమంతా."

 అది నిజం. మా ఆయన నౌరు దీవిలో ఫాస్ఫేటు తవ్వడానికి వెళ్తూ రెండేళ్ళన్నాడు. ఆయన పెట్టె తిరిగి వచ్చింది, ఆయన రాలేదు. పెద్దవాడు పరదేశపు ఓడల్లో పనిచేస్తూ, మూడు నెలల లితియాను నా ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. ఇప్పుడు ఏ సముద్రంలో ఉన్నాడో ఏటికోసారి పోస్టుకార్డు చెబుతుంది. ఒడ్డున నిలబడి చెయ్యి ఊపడం నాకు ప్రార్థన కన్నా బాగా వచ్చు. లితియాను మాత్రం ఏడాదికే అని పంపాను. ఏడాది అని వేళ్ళ మీద లెక్కపెట్టి పంపాను.

ఫిబ్రవరి పద్దెనిమిదిన ఓడ వచ్చింది. సరిగ్గా చెప్పాలంటే, తెల్లవారాక ఎవరో "ఓడ!" అని అరిస్తే ఊరంతా ఒడ్డుకు వచ్చి నిలబడింది. నేను కొత్త గౌను వేసుకున్నాను. మొదటి పడవలో దిగినవాళ్ళను లెక్కపెట్టాను, రెండో పడవలో వాళ్ళను లెక్కపెట్టాను. మూడో పడవలో బియ్యం బస్తాలు వచ్చాయి. పడవ నడిపే యోసెఫా నా దగ్గరకు వచ్చి కవరు ఇచ్చాడు.

"పిల్ల రాలేదా?"

"రాలేదు ముసలమ్మా. కాగితం వచ్చింది. ఎండలో నిలబడకు. ఈ ఓడ ఇక్కణ్ణుంచి తిన్నగా సువా పోతుందట, మరమ్మతుకి. రెండింటికల్లా ఆఖరి పడవ. రాసేది ఉంటే తొందరగా రాసుకో."

ఇది కూడా గొలుసుకట్టు రాతే. ఈసారి చాప మీద మేం, కెలెసీ అంతే. పసెమెతా పలకరింపు చదివింది. స్తోత్రం చదివింది. "పేర్లు తర్వాత చదువు," అన్నాను. కెలెసీ ముఖం చిట్లించింది.

"'ఇక నా ఉత్తరం సంగతి ఏమిటంటే, నానమ్మా, నీ ఉత్తరం అందింది. డబ్బా అందిందని రాశావు. ఇంకేమీ రాయలేదు. నాకు అర్థమైంది. చాలాసేపు ఏడ్చాను. తర్వాత సంతకం పెట్టాను. ఇరవై ఎనిమిదిన విమానం. నీలాంటి నానమ్మ ఇంకెవరికీ ఉండదు. ఓడకు ఇచ్చే వేళయింది...'" పసెమెతా తల ఎత్తింది. "ఏం అర్థమైంది? దేనికి సంతకం? ఏ విమానం?"

"నాకేం తెలుసు?"

"నువ్వేం రాయించావు?"

"నువ్వే కదే రాసింది! సబ్బులు అందాయి, గుడ్డ అందింది అని. దానికి ఏడవడమెందుకు?"

"పెళ్ళి," అంది కెలెసీ. "సంతకం అంటే పెళ్ళే."

"కెలెసీ, ఇంటికి వెళ్ళు," అన్నాను.

ఆమె వెళ్ళలేదు. నేను కాగితం తీసుకుని, చదవలేని ఆ రాత మీద వేలు జరిపాను. ఒక్క మాట మాత్రం పోల్చుకోగలిగాను, డబ్బా. దాన్ని చూస్తూ కూర్చున్నాను. నీ ఒక్కదానికే. ఎవరికీ పెట్టకు. నీ చేత్తో నువ్వే మూత తియ్యి. అప్పటిదాకా ఆ మాటలు పిసినారితనంలాగే వినిపించాయి నాకు. ఉత్తరం ఎందుకు గొలుసుకట్టులో రాసిందంటే, అది నేను చదవడానికి రాసింది కాదు. నేను చదవవలసింది వేరే చోట ఉంది.

"చెప్పులేవీ?" అన్నాను.

"ఎక్కడికమ్మా?"

"పాస్టరుగారింటికి."

"దేనికి?" అన్నాక పసెమెతాకు వెలిగింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "అమ్మా, ఇచ్చింది తిరిగి అడుగుతావా? దేవుడికిచ్చింది!"

"దేవుడికి ఇవ్వలేదు. కెలెసీ నోరు మూయించడానికి ఇచ్చాను."

పాస్టరుగారు ఒడ్డున సామాను దగ్గర ఉన్నారు. ఆయన భార్య వసారాలో కూర్చుని ఓడకు ఇవ్వాల్సిన తన ఉత్తరం రాసుకుంటోంది. వాళ్ళది ఉత్తరాన ఇంకో దీవి. ఆమె తల్లి ఇంకా అక్కడే ఉంది, ఈసారి ఉత్తరం సువా మీదుగా తిరిగి వెళ్ళాల్సిందే. నన్ను చూసి లేచి చాప దులిపింది.

"రండి పెద్దమ్మా. లితియా వచ్చిందా?"

మాట ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. ఆ ఇంటికి నలభై ఏళ్ళుగా ఇవ్వడానికే వెళ్ళాను. తీసుకోవడానికి ఒక్కసారీ వెళ్ళలేదు. ఎంతమంది పాస్టర్లు మారినా అదే పద్ధతి.

"అమ్మగారూ, డిసెంబరులో మా అల్లుడు ఒక బిస్కట్ల డబ్బా తెచ్చిచ్చాడు. అది తినేశారా?"

ఆమె ముఖం ఎర్రబడింది. "లేదు పెద్దమ్మా. మూత తీయని డబ్బాలు పాడవవు కదా, ముందు మిగతావన్నీ వాడుతున్నాం. మే నెలలో సంఘం పెద్దలు వస్తారని దాచాను. ఏం, మీకు కావాలా? తీసుకెళ్ళండి, మీవే."

"డబ్బా వద్దు. అందులో ఒకటి ఉంది. ఉందనుకుంటున్నాను."

ఆమె నన్ను లోపలికి తీసుకెళ్ళి గుడ్డ తెర పక్కకు లాగింది. డబ్బాలు! గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. ఒకే కంపెనీ, ఒకే ఎరుపు కాగితం, ఒకే చదరం. పదకొండు. ఓడ వచ్చినప్పుడల్లా ఊళ్ళో ఎవరో ఒకరు నాలాగే ఎవరో ఒకరి నోరు మూయించారన్న మాట.

"మీ డబ్బాకి గుర్తేమైనా ఉందా?"

"తాడు."

"తాళ్ళన్నీ విప్పి బట్టలారేయడానికి కట్టుకున్నాను," అంది ఆమె, ఏడుపు గొంతుతో.

ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఆమె చెంచా కాడతో మూత అంచు పైకెత్తేది, నేను బిస్కట్లు చాప మీద పేర్చి అడుగు దాకా చూసేదాన్ని. మొదటి డబ్బాలో ఏమీ లేదు. రెండో దాంట్లో లేదు. మూడో దాంట్లో పురుగులు. నాలుగో మూత చేతికి గీరుకుంటే ఆమె వేలు నోట్లో పెట్టుకుని, ఇంకో చేత్తో పని సాగించింది. చాప మీద బిస్కట్లు ఇటుకల్లా లేచాయి. బయట పడవవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. ఆమె రాయడం ఆపేసిన ఉత్తరం వసారాలో గాలికి రెపరెపలాడుతోంది.

"మీ అమ్మగారికి ఉత్తరం ఆలస్యమవుతుందేమో," అన్నాను.

"రాసిందే రాస్తున్నాను పెద్దమ్మా, పలకరింపు దగ్గరే ఆగిపోయాను. ఆరో డబ్బా ఇటివ్వండి."

ఆరో డబ్బా మూత తేలిగ్గా వచ్చేసింది. ఎవరో ఇంతకు ముందే తీసి నొక్కిపెట్టిన మూత అది. పైవరస కింద, బిస్కట్ల నూనె అంటకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, కాగితం. విడివిడి అక్షరాలు. ఒక్కొక్కటీ బియ్యపు గింజలా.

ఆమె లేచి వెళ్ళి తెర మూసింది. నేను వేలు పెట్టుకుని చదివాను.

"నా బంగారు నానమ్మకు, నా తల్లికి, నీ లితియా తలోఫా. ఇందులో ఎవరి పేర్లూ రాయను. ఇది నీకూ నాకూ మాత్రమే. అత్త చదివితే అత్తే జవాబు చెబుతుంది, అందుకే ఇలా దాచాను. నానమ్మా, నేను పరీక్షల్లో మొదటి వరసలో వచ్చాను. న్యూజిలాండ్‌లో డాక్టరు చదువుకి పంపుతామంటున్నారు. ఆరేళ్ళు. మధ్యలో ఒకే ఒక్కసారి ఇంటికి టికెట్టు ఇస్తారు. జనవరి ఆఖరికి సంతకం పెట్టాలి. నాకు వెళ్ళాలని ఉంది. నీ పక్కన పడుకోవాలనీ ఉంది. రెండూ నిజమే. నువ్వు రమ్మంటే వస్తాను, ఒట్టు, ఎవరికీ ఏమీ చెప్పను, టీచరునవుతాను. పొమ్మని ఇంకోసారి నీ నోటితో అనలేవని నాకు తెలుసు. తాతకు అన్నావు, నాన్నకు అన్నావు, ఇంక నిన్ను అనమని అడగను. కాబట్టి రమ్మనాలంటే ఒక్క మాట రాయి. పంపాలంటే ఏమీ రాయకు. డబ్బా అందిందని మాత్రం రాయి. నాకు అర్థమవుతుంది."

రెండోసారి చదివాను. మూడోసారి చదవబోతే అక్షరాలు కదిలాయి.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా కోపం వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియలేదు. చదవాల్సిన దాన్ని తిండి కింద పెట్టిన పిల్ల మీద. కెలెసీ మీద. నా మీద. ఈ కాగితం డిసెంబరులో నా చేతికి వచ్చి ఉంటే నేనేం రాసేదాన్నో నాకు తెలుసు. రెండోసారి ఆలోచించకుండా, పసెమెతా చేత కాదు, నా చేత్తో, పెద్ద అక్షరాలతో "వచ్చెయ్" అని రాసేదాన్ని. నా నోరు కట్టేసుకుని దాన్ని పంపానని ఆ పిల్ల అక్కడ కూర్చుని ఏడ్చింది. నీలాంటి నానమ్మ ఉండదంది. అలాంటి నానమ్మ నిజంగానే లేదు.

పసెమెతా రొప్పుతూ వచ్చింది. తెర తీసి, బిస్కట్ల గుట్టలు చూసి, పాస్టరుగారి భార్యను చూసి, నా పక్కన కూలబడింది. కాగితం ఇచ్చాను. గబగబా చదివేసింది. 'అత్తే జవాబు చెబుతుంది' అన్న చోట ఆగింది, మళ్ళీ చదివింది.

"ఇంకా పది రోజులుంది," అంది చివరికి. "ఈ ఓడ తిన్నగా సువానే కదా వెళ్ళేది. విమానం లోపు అందుతుంది. రమ్మని రాసెయ్యి. దొరకలేదు, తెలియలేదు, ఇప్పుడే చూశానని రాయి. జరిగిందే కదా!"

"కలమివ్వు."

పాస్టరుగారి భార్య తన కలమూ, తన కాగితాల్లోంచి ఒకటీ ఇచ్చింది. నేను బిస్కట్ల డబ్బా మూతను మోకాళ్ళ మీద పెట్టుకుని దాని మీద కాగితం పరిచాను. నా బంగారు లితియాకు, నా వీపు మీద పెరిగిన నా చిట్టితల్లికి, నీ నానమ్మ తలోఫా. ఒక్కొక్క అక్షరం దించుతున్నాను. దేవుడి దయవల్ల నువ్వూ నేనూ ప్రాణాలతో ఉన్నాం. నాకు అప్పుడు తెలిసింది ఈ పలకరింపు ఎందుకింత పొడుగుంటుందో. అది అయిపోతే తర్వాతి లైను రాయాలి.

"అమ్మా, రెండవుతోంది. యోసెఫా అరుస్తున్నాడు."

ఇక నా ఉత్తరం సంగతి ఏమిటంటే. అక్కడ కలం ఆగింది. 'వ' అని రాశాను. 'వచ్చెయ్'కి మొదటి అక్షరం. దాన్ని చూస్తూ ఉన్నాను. చలిదేశంలో ఒక గదిలో కూర్చుని, ఆరేళ్ళు, తనను పోనిచ్చిన నానమ్మ ఒకత్తి ఉందనుకుంటూ చదువుకునే పిల్ల. లేదా వచ్చే ఓడలో వచ్చి నా పక్కన పడుకునే పిల్ల, నన్ను అడక్కుండా ఉంటే బాగుండేదని ఎప్పుడూ అనని పిల్ల. 'వ' మీద గీత కొట్టి పక్కన రాశాను.

"నీ ఉత్తరం డబ్బా వచ్చిన రోజే చదివాను. కావాలనే ఊరుకున్నాను. నువ్వు సరిగ్గానే అర్థం చేసుకున్నావు. చలికి ఉన్ని బట్టలు కొనుక్కో. ఇక్కడ అందరం బాగున్నాం."

పసెమెతా నా భుజం మీంచి చదివింది.

"అమ్మా, ఇది అబద్ధం."

"తెలుసు."

"పాస్టరుగారింట్లో కూర్చుని రాస్తున్నావు!"

"ఆ సంగతి దేవుడితో నేను మాట్లాడుకుంటాను. నువ్వు కవరు అంటించు."

పసెమెతా అంటించలేదు. కవరు చేతిలో పట్టుకుని కూర్చుంది. పాస్టరుగారి భార్య దాన్ని మెల్లగా తీసుకుని, నాలుకతో తడిపి, అరచేత్తో రెండుసార్లు నొక్కింది. తర్వాత తన ఉత్తరం కూడా మడిచి నాకిచ్చింది. అది పలకరింపు దగ్గరే ఆగి ఉంది. "ఈసారికి ఇలాగే వెళ్ళనివ్వండి," అంది.

ఒడ్డుకు నేనే వెళ్ళాను. పసెమెతా నా మోచెయ్యి పట్టుకుంది. పడవ అప్పటికే నీళ్ళలో ఊగుతోంది, మగాళ్ళు తెడ్లు పట్టుకుని కూర్చున్నారు. యోసెఫా మాత్రం నడుము దాకా నీళ్ళలో నిలబడి ఒక చేత్తో పడవను పట్టుకుని, ఇంకో చెయ్యి నా వైపు చాపి ఉన్నాడు.

"ముసలమ్మా, ఇస్తావా, నన్నిక్కడే నానబెడతావా?"

కొత్త గౌనుతోనే మోకాళ్ళ లోతుకు దిగాను. రెండు ఉత్తరాలూ అందించాను. అతను లాగాడు. ఒకటి వచ్చింది, ఇంకోటి రాలేదు.

"వదులు," అన్నాడు. తర్వాత నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "వదులమ్మా. నీటి పోటు తగ్గిపోతోంది."

వదిలాను.